కొత్త పని సరే, పాత పనుల్లో ఏది జరపమంటారు?

నెలలో మొదటి రెండు వారాలు అకౌంట్స్ విభాగం వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. 7వ తేదీలోపు టీడీఎస్ కట్టాలి. నెలనెలా రిటర్ను వేసే కంపెనీ అయితే 11కల్లా జీఎస్‌టీఆర్-1 దాఖలు చేయాలి. 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ, 20కి జీఎస్‌టీఆర్-3బి ఉంటాయి. కొత్త పనులు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చి పడతాయి. కిందటి నెల లెక్క ముగిసింది కాబట్టి యజమానికి, బ్యాంకుకు, ఆడిటర్లకు అంకెలు అప్పుడే కావాల్సి వస్తాయి మరి.

కొత్త పని అప్పజెప్పగానే మన ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే జవాబు, ‘సరే సార్, చూస్తాను’. ఆ మాటతో ఇద్దరూ అప్పటికి గండం గట్టెక్కినట్టే ఉంటుంది. పని అయిపోయినట్టేనని మేనేజర్ అనుకుంటాడు. మాట మాత్రమే ఇచ్చానని ఉద్యోగికి తెలుసు. గురువారం సాయంత్రం రిపోర్టు అడిగేసరికి అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి సర్దుకోవడానికి వ్యవధి ఉండదు.

కొందరు దీనికి పూర్తి వ్యతిరేకంగా, ‘నాకు ఇప్పటికే ఊపిరాడటం లేదండీ’ అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాటతో మేనేజర్ చేయగలిగింది కూడా ఏమీ లేదు. ‘అందరికీ అలాగే ఉందమ్మా’ అనేస్తాడు, సంభాషణ అక్కడితో సరి. మేనేజర్ ఒక నిర్ణయం తీసుకోవాలంటే అతని ముందు మూడు విషయాలు ఉండాలి: ఉన్న గంటలెన్ని, అప్పటికే ఒప్పుకున్న పనులకు ఎన్ని గంటలు పోతాయి, వాటిలో ఏ పని తేదీ కదులుతుంది. ఈ మూడూ తయారు చేసుకుని వెళ్లి, ‘ఏది జరపమంటారు?’ అని అడగడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

సోమవారం ఉదయం పడిన పని

హైదరాబాద్ జీడిమెట్లలో యంత్ర విడిభాగాలు తయారు చేసే ఓ మధ్యతరహా కంపెనీని ఊహించుకోండి. అకౌంట్స్‌లో ముగ్గురే ఉన్నారు: మేనేజర్, ఒక ఎగ్జిక్యూటివ్, వోచర్లు రాసే కుర్రాడు. ఎగ్జిక్యూటివ్ పేరు సుజాత అనుకుందాం. ఆ రోజు 6వ తేదీ, సోమవారం. శనివారం కూడా ఫ్యాక్టరీకి పనిదినమే.

పొద్దున్నే మేనేజర్ పిలిచి చెప్పాడు. ‘శుక్రవారం ఎండీ గారు బ్యాంకుకు వెళ్తున్నారమ్మా, సీసీ లిమిట్ పెంచమని అడగడానికి. పార్టీల నుంచి రావాల్సిన బాకీల ఏజింగ్ రిపోర్టు కావాలట. మూడేళ్లది, పార్టీల వారీగా. గురువారం సాయంత్రానికి ఇచ్చెయ్.’

ఏజింగ్ అంటే ఏ బాకీ ఎన్ని రోజులుగా రావాల్సి ఉందో చెప్పే లెక్క. 30 రోజుల లోపువి, 60 లోపువి, 90 లోపువి, ఆపైవి అని వరుసలుగా విడదీస్తారు. ట్యాలీలో ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. ప్రతి వసూలునూ ఏ బిల్లుకు ఆ బిల్లుకు జమ కడుతూ వచ్చి ఉంటే నిజంగానే వచ్చేస్తుంది. కానీ చాలా పార్టీలు ఏ బిల్లుకో చెప్పకుండా ఒకేసారి 5 లక్షలో 8 లక్షలో పంపేస్తాయి. ఆ రోజుకు దాన్ని ‘ఆన్ అకౌంట్’ అని రాసి పక్కన పెడతారు. అలా పెట్టిన ప్రతి రూపాయినీ బిల్లులకు సర్దితే తప్ప ఏజింగ్ సరిగ్గా రాదు. ఎప్పుడో చెల్లిపోయిన బిల్లు కూడా 200 రోజుల బాకీగా కనపడుతుంది. మూడేళ్ల జమలను సర్దడానికి సుజాత వేసుకున్న అంచనా 14 గంటలు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ‘అలాగే సార్. నా దగ్గరున్న పనులు ఒకసారి చూసుకుని అరగంటలో వచ్చి చెబుతాను’ అంది. ఈ అరగంట చాలా అవసరం. ఎదురుగా నిలబడి నోటిలెక్కలు చెబితే అవి దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తాయి. అరగంటను ఒక పూటగా చేస్తే మాత్రం పని తప్పించుకుంటోందన్న అనుమానం మొదలవుతుంది.

కాగితం మీద గంటలు

ఆఫీసు 8 గంటలు. అందులో 2 గంటలు పంచుకు పోతాయి: స్టోర్స్ నుంచి వచ్చే బిల్లులు, ‘మా పేమెంటు ఎప్పుడు మేడమ్’ అని సరఫరాదారుల ఫోన్లు, చెక్కుల మీద సంతకాలు. చేతికి మిగిలేది రోజుకు 6 గంటలు. సోమవారం నుంచి శనివారం దాకా 36. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. 48 గంటలు ఉన్నాయనుకుని మాట ఇస్తారు.

ఈ 36 గంటల్లో అప్పటికే ఒప్పుకున్న పనులు ఐదు. టీడీఎస్ లెక్క సరిచూసి కట్టడానికి 3 గంటలు, మంగళవారం 7వ తేదీ గడువు. సరఫరాదారుల చెల్లింపులకు 5 గంటలు, గురువారం. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌కు 6 గంటలు, 10వ తేదీ శుక్రవారం. జీఎస్‌టీఆర్-1కు 10 గంటలు, 11వ తేదీ శనివారం. ఇంటర్నల్ ఆడిటర్లు అడిగిన వివరాలకు 8 గంటలు, అదీ శనివారమే. మొత్తం 32. మిగులు 4 గంటలు, కొత్త పనికి 14 కావాలి. లోటు 10 గంటలు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది ముఖ్యం. మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని మామూలుగా తక్కువగానే అంచనా వేస్తారు. గతంలో ఇదే పనికి ఎక్కువ సమయం పట్టిందని తెలిసి కూడా ఈసారి త్వరగా అవుతుందనుకుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ ధోరణికి ఒక పేరు పెట్టి వివరించారు. దీనికి మందు ఊహ మానేసి పాత రికార్డు చూడటమే. కిందటి నెల జీఎస్‌టీఆర్-1 పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు దాఖలైంది అన్నది మెయిళ్లలోనూ పోర్టల్‌లోనూ ఉంటుంది. సుజాత 10 గంటలని రాసింది అవి చూసే.

అంకెలను పెంచి చెప్పడం మరో తప్పు. 6 గంటల పనికి 14 అని చెప్పిన సంగతి ఒక్కసారి బయటపడితే ఆ తర్వాత ఏ లెక్క తీసుకెళ్లినా మేనేజర్ సగానికి కోసే వింటాడు.

ఆ తేదీ ఎవరు పెట్టారు?

లోటు తేలింది. ఏది కదులుతుంది? చాలామంది ‘ఏది ముఖ్యం’ అని ఆలోచిస్తారు. ఆ ప్రశ్నకు తెగే జవాబు రాదు, ఎవరి పని వాళ్లకు ముఖ్యం కాబట్టి. దానికంటే ‘ఈ తేదీ ఎవరు పెట్టారు’ అని ఒక్కో పనినీ అడిగితే దారి దొరుకుతుంది. తేదీ పెట్టినవాళ్లే దాన్ని మార్చగలరు.

టీడీఎస్ తేదీ చట్టం పెట్టింది. మేనేజర్ మార్చలేడు, ఎండీ కూడా మార్చలేడు. జూన్‌లో కోత పెట్టిన 2 లక్షల టీడీఎస్‌ను జూలై 7న కాకుండా 8న కట్టారనుకోండి. ఆలస్యం ఒక్క రోజే. వడ్డీ మాత్రం నెలకు 1.5 శాతం చొప్పున, కోత పెట్టిన తేదీ నుంచి లెక్కిస్తారు, నెలలో కొంత భాగమైనా పూర్తి నెల కిందే జమ. అంటే మామూలుగా జూన్ ఒకటి, జూలై ఒకటి, రెండు నెలల వడ్డీ పడుతుంది. ఒక్క రోజుకు 6 వేల రూపాయలు.

జీఎస్‌టీఆర్-1 కూడా చట్టం పెట్టిన తేదీయే. దీన్ని తప్పిస్తే రోజువారీ ఆలస్య రుసుముకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. 11లోపు మనం రిటర్ను వేస్తేనే 14న తయారయ్యే జీఎస్‌టీఆర్-2బిలో మన దగ్గర సరుకు కొన్నవాళ్లకు ఆ పన్ను కనపడుతుంది. ఆలస్యమైతే అది వచ్చే నెలకు పోతుంది. ఈ నెల క్రెడిట్ రాలేదని పెద్ద పార్టీలు మన బిల్లు ఆపేస్తాయి.

స్టాక్ స్టేట్‌మెంట్ తేదీ బ్యాంకు పెట్టింది. ఉత్తరం రాసి గడువు అడగవచ్చు. కానీ లిమిట్ పెంచమని శుక్రవారం అదే బ్యాంకుకు వెళ్తూ, అదే రోజు ఇవ్వాల్సిన స్టేట్‌మెంట్ ఆలస్యం చేస్తే ఎలా ఉంటుంది? పైగా 11వ తేదీ ఆ నెలలో రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. శుక్రవారం దాటితే సోమవారమే.

సరఫరాదారుల చెల్లింపుల తేదీ కంపెనీ తనకు తాను పెట్టుకున్నది. ప్రతి గురువారం చెల్లిస్తామన్నది లోపలి నియమమే. అయినా అందులో సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లులు ఉంటాయి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో వాళ్లకు చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆ బిల్లులు ఆపకూడదు, మిగతావి అవసరమైతే ఒక వారం ఆగుతాయి.

ఇంటర్నల్ ఆడిటర్లకు శనివారం ఇస్తామన్నది మేనేజర్ ఫోన్‌లో ఇచ్చిన మాట. ఆయనే ఇంకో ఫోన్ చేస్తే మారుతుంది. ఐదు పనుల్లో తేలిగ్గా కదిలేది ఇదొక్కటే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆడిట్ పనిని పూర్తిగా పక్కన పెట్టినా దొరికేవి 8 గంటలే. లోటు 10. ఇంకా 2 గంటలు ఎక్కడో తగ్గాలి. అందుకే మేనేజర్ గదిలోకి వెళ్లేముందు కొత్త పనిని కూడా ఒక ప్రశ్న అడగాలి.

ఇది దేనికోసం?

పై నుంచి వచ్చే పని చాలాసార్లు దాని అసలు అవసరం కంటే పెద్దదిగా దిగుతుంది. బ్యాంకు మేనేజర్ ‘బాకీల వివరాలు తీసుకురండి’ అని ఉంటాడు. ఎండీ ‘వివరంగా ఇద్దాం’ అనుకుంటాడు. మేనేజర్ దగ్గరికి వచ్చేసరికి అది ‘మూడేళ్లది, పార్టీల వారీగా’ అవుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరూ కాస్త జాగ్రత్తను కలుపుకుంటూ వచ్చారంతే.

క్యాష్ క్రెడిట్ లిమిట్‌లో బ్యాంకు ఎంత వాడుకోనిస్తుందన్నది డ్రాయింగ్ పవర్ మీద ఆధారపడుతుంది. దాని కోసం బ్యాంకు చూసేది చేతిలోని సరుకు, రావాల్సిన బాకీలు. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన బాకీలను లెక్కలోకి తీసుకోవు, శాంక్షన్ లెటర్‌లో ఉన్న గడువే ప్రమాణం. అంటే నెలాఖరుకు నిలిచి ఉన్న బాకీలు, అందులో 90 రోజుల లోపువి ఎన్ని, ఆపైవి ఎన్ని అన్నదే శుక్రవారం జరిగే మాటలకు కావాల్సింది. మూడేళ్ల ధోరణి తెలియాలంటే ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్ల నుంచి ఏడాదికో మొత్తం తీసి ఇవ్వచ్చు, అది పది నిమిషాల పని.

ఇంకో సంగతి కూడా ఉంది. సుజాత ఎలాగూ చేయాల్సిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో బాకీల జాబితా ఒక భాగం. ఆ రెంటినీ కలిపి చేస్తే, బాకీ నిలిచి ఉన్న పార్టీల ‘ఆన్ అకౌంట్’ జమలు మాత్రమే సర్దితే సరిపోతుంది. అప్పుడు కొత్త పని 14 గంటలు కాదు, 6 గంటలు.

లెక్క మళ్లీ వేస్తే 32కి 6 కలిపి 38. ఉన్నవి 36. లోటు 2 గంటలకు దిగింది. ఆడిటర్లు అడిగిన వాటిలో రెండు గంటల ముక్కను సోమవారానికి జరిపితే చాలు. ‘దేనికోసం’ అని ముందు అడగకుండా నేరుగా ‘ఏది తీసేయమంటారు’ అని వెళ్లి ఉంటే ఆడిట్ పనంతా వాయిదా పడేది, పైగా ఒక రాత్రి కూర్చోవాల్సి వచ్చేది.

అయితే ఆ అవసరం ఇంతేనని సుజాత తనంతట తాను తేల్చుకోకూడదు. అది ఆమె అంచనా మాత్రమే. ఎండీ మనసులో ఇంకేదైనా ఉండొచ్చు. అడిగి తెలుసుకోవాలి.

గదిలో జరగాల్సిన మాటలు

అరగంట తర్వాత ఆమె ఒకే కాగితంతో వెళ్లింది. అందులో పని, గంటలు, తేదీ, ఆ తేదీ ఎవరిది అని నాలుగు గడులు. ఇలా మొదలుపెట్టింది:

‘సార్, ఏజింగ్ గురువారం సాయంత్రానికి ఇస్తాను. ఒక్క విషయం చెప్పండి, బ్యాంకుకు కావాల్సింది జూన్ నెలాఖరుకు ఉన్న బాకీలేనా, లేక మూడేళ్లలో ప్రతి బిల్లూనా?’

‘మూడేళ్లన్నారు ఎండీ గారు.’

‘మూడేళ్లకూ ఏడాదికో మొత్తం బ్యాలెన్స్ షీట్ల నుంచి ఇస్తాను. బిల్లుల వారీగా నెలాఖరు బాకీలకు మాత్రమే చేస్తే 6 గంటల్లో అవుతుంది. మూడేళ్లకూ బిల్లుల వారీగా అంటే 14 గంటలు పడుతుంది. ఒకసారి వారిని అడిగి చెబుతారా?’

మేనేజర్ అక్కడే ఫోన్ చేశాడు. నెలాఖరువి చాలన్నారు.

‘మంచిది సార్. అలా అయినా ఈ వారం నాకు 2 గంటలు తక్కువ పడుతున్నాయి. టీడీఎస్, జీఎస్‌టీ, స్టాక్ స్టేట్‌మెంట్ కదపలేం. ఆడిటర్లు అడిగిన ఆరు అంశాల్లో నాలుగు శనివారానికి ఇచ్చి, రెండు సోమవారానికి ఇద్దామా? లేకపోతే చిన్న పరిశ్రమలవి కాని చెల్లింపులు వచ్చే గురువారానికి జరుపుదామా? ఏది జరపమంటారు?’

ఈ మాటల్లో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి వాక్యమే పని ఒప్పుకుంటోంది, కాబట్టి మేనేజర్ వాదనకు దిగాల్సిన పని లేదు. తన అలసట గురించిగానీ, పక్క విభాగంలో ఎవరు ఖాళీగా ఉన్నారన్న దాని గురించిగానీ ఆమె ఒక్క మాటా ఎత్తలేదు. రెండు దారులు చూపించి ఎంపిక ఆయనకు వదిలింది. ఏ పని ముందు, ఏది వెనక అని తేల్చే అధికారం, దాని పర్యవసానం రెండూ ఆయనవే. ఆడిటర్లకు మాట ఇచ్చింది ఆయన. సరఫరాదారుల్లో ఎవరు ఆగుతారో, ఎవరు ఆగరో తెలిసిందీ ఆయనకే.

‘అన్నీ కావాలమ్మా’ అంటే?

ప్రతి సంభాషణా ఇంత సాఫీగా సాగదు. ఎక్కువసార్లు ఎదురయ్యే జవాబు ‘అన్నీ ముఖ్యమే, ఎలాగో చూడు’. దానికి మౌనం పనికిరాదు, వాదనా పనికిరాదు. ‘అన్నీ చేస్తాను సార్. కానీ శనివారం సాయంత్రానికి రెండు గంటల పని మిగిలిపోతుంది. అది ఏదైతే మీకు ఇబ్బంది ఉండదు?’ అని అడగాలి. ‘ఏది ముఖ్యం’ అంటే అన్నీ అని చెప్పడం తేలిక. ‘ఏది మిగిలిపోతే పరవాలేదు’ అంటే ఏదో ఒకటి చెప్పక తప్పదు.

అప్పటికీ తేల్చకపోతే వరుస ఆమే వేసి చెప్పాలి: ‘మీరు వేరేలా చెప్పకపోతే ఈ వరుసలో చేస్తాను సార్, ఆడిట్‌లో రెండు అంశాలు సోమవారం.’ అదే మెయిల్‌లోనూ రాయాలి. పని ఆగదు, నిర్ణయం మార్చే అవకాశం ఆయన చేతిలోనే ఉంటుంది.

రెండో జవాబు ‘కాస్త ఎక్కువసేపు కూర్చో’. 2 గంటల లోటుకు ఒక సాయంత్రం కూర్చోవడం పెద్ద విషయం కాదు, కుదిరితే ఒప్పుకోవచ్చు. 10 గంటల లోటు అయితే వారంలో ఐదు రాత్రులు. అలా కూర్చుని చేసిన జీఎస్‌టీఆర్-1లో ఒక క్రెడిట్ నోటు జారిపోతే దాన్ని సరిదిద్దడానికి పార్టీకి ఫోన్లు చేస్తూ మరో పూట పోతుంది. ఎంతవరకు కూర్చోగలరో అంకెతో చెప్పాలి: ‘ఈ వారం ఒక రోజు రెండు గంటలు ఉండగలను సార్, మిగతా ఎనిమిదికి ఏదో ఒకటి జరపాలి.’

మూడోది ‘ఎండీ గారు అడిగారు, నా చేతుల్లో ఏముంది?’ అది నిజమే కావచ్చు. అప్పుడు అదే కాగితం మేనేజర్ చేతికి ఇవ్వాలి. ఎండీ ముందుకు ఉత్తిచేతులతో వెళ్లి ‘కుదరదు’ అనడం ఆయనకు కష్టం. నాలుగు గడుల కాగితంతో వెళ్లి ‘దీనికి ఇది ఆగుతుంది’ అనడం తేలిక.

ఇద్దరు అధికారులు చెరో పని చెప్పినప్పుడు చిక్కు మరీ ఎక్కువ. ఒకరి దగ్గర ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకుంటే చివరికి ఇద్దరికీ చెడ్డవుతారు. ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ రాసి, రెండు పనులూ, గంటలూ పెట్టి, ‘మీరిద్దరూ మాట్లాడుకుని ఏది ముందో చెప్పండి’ అనడమే దారి.

మాట అయ్యాక చేయాల్సినవి

గదిలో ఒప్పుకున్నది శుక్రవారానికి ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అందుకే బయటికి రాగానే నాలుగు పంక్తుల మెయిల్ వేయాలి. సుజాత రాసింది ఇంతే:

‘సార్, మీరు చెప్పినట్టు నెలాఖరు బాకీల ఏజింగ్ గురువారం సాయంత్రం 5కి ఇస్తాను. ఆడిటర్లకు నాలుగు అంశాలు 11న, మిగతా రెండు 13న వెళ్తాయి. ఈ మార్పు ఆడిటర్లకు మీరు చెబుతానన్నారు. టీడీఎస్, స్టాక్ స్టేట్‌మెంట్, జీఎస్‌టీఆర్-1 తేదీల్లో మార్పు లేదు.’

ఇందులో రెండు విషయాలు కచ్చితంగా ఉండాలి. జరిపిన పనికి కొత్త తేదీ ఉండాలి. తేదీ లేకుండా పక్కన పెట్టిన పని కొన్నాళ్లకు ఎవరిదీ కాకుండా పోతుంది, చివరికి ‘ఇదేమైంది’ అని అడిగేది ఉద్యోగినే. రెండోది, ఆ పని కోసం ఎదురు చూస్తున్నవాళ్లకు ఎవరు చెబుతారన్నది తేలాలి. మాట ఇచ్చినవాళ్లే మార్పు చెప్పాలి. ఆడిటర్లకు సుజాత చెబితే అది ఆమె ఆలస్యంలా కనపడుతుంది, మేనేజర్ చెబితే కంపెనీ నిర్ణయం అవుతుంది.

మధ్యలో లెక్క తప్పితే దాన్నీ వెంటనే చెప్పాలి. బుధవారం మధ్యాహ్నానికి ఏజింగ్‌లో ఒక పెద్ద పార్టీ జమలు సర్దుబాటు కావడం లేదని తెలిస్తే, గురువారం దాకా ఆగకూడదు. బుధవారం చెబితే ‘ఆ పార్టీని వదిలేసి కింద ఒక నోటు పెట్టు’ అని మేనేజర్ అనగలడు. గురువారం సాయంత్రం చెబితే ఏమీ అనలేడు.

ప్రతి నెలా ఇదే అయితే

ఒక నెల 2 గంటల లోటు మామూలే. మూడు నెలలు వరుసగా 8, 10 గంటల లోటు వస్తుంటే అది ఏ పని ముందన్న ప్రశ్న కాదు. మనుషులు చాలడం లేదు, లేదా పనులు వచ్చే పద్ధతి బాగోలేదు. అప్పుడు ఆ మూడు నెలల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ‘చాలా పని ఉంది’ అన్న మాట కంటే, ప్రతి నెలా 6 నుంచి 11వ తేదీల మధ్య ఏ పని ఎన్నిసార్లు వెనక్కి పోయిందో చూపే ఆ కాగితాలకే బలం ఎక్కువ.

దాన్ని అడిగే వేళ కూడా చూసుకోవాలి. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన పుస్తకం ‘ది మిథికల్ మ్యాన్-మంత్’లో ఒక హెచ్చరిక చేశాడు: ఇప్పటికే ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్త మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుంది. వాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే తీరిక లేనివాళ్లే కదా. 8వ తేదీన వచ్చిన కొత్త మనిషికి పార్టీల లెడ్జర్లు చూపించడానికే సుజాతకు రోజుకు రెండు గంటలు పోతాయి. అందుకే ఈ మాట 20 దాటాక, జీఎస్‌టీఆర్-3బి పని ముగిశాక ఎత్తాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో, ఆసుపత్రి బిల్లింగ్‌లోనో, స్కూల్ ఆఫీసులోనో పనిచేసేవాళ్లకు తేదీల పేర్లు మారతాయి. క్లయింట్‌కు మాట ఇచ్చిన రిలీజ్ తేదీ మారడం కష్టం, మన టీం తనకు తాను పెట్టుకున్న డెమో తేదీ మారుతుంది. ప్రశ్నలు మాత్రం అవే, వాటి వరుసా అదే: ఇది దేనికోసం, నా దగ్గర గంటలెన్ని, ఈ తేదీ ఎవరిది, ఏది జరపమంటారు.

దీనికి హద్దులూ ఉన్నాయి. ప్రతి చిన్న పనికీ కాగితం పట్టుకుని వెళ్లే ఉద్యోగిని రెండో నెలకే ఎవరూ పట్టించుకోరు. అరగంటలో అయ్యే పని చేసేయాలి. అలాగే అడిగిన ప్రతిసారీ విసుక్కునే, రాసి పెట్టినదాన్ని కూడా తర్వాత కాదనే మేనేజర్ దగ్గర ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. అక్కడ ఆ మెయిల్ మనకు రక్షణగా ఉంటుంది, అంతవరకే.

ఈసారి మీ మీద కొత్త పని పడినప్పుడు ‘సరే సార్, చూస్తాను’ అనకండి. అరగంట అడగండి, గంటలు రాయండి, ఆ కాగితంతో వెళ్లండి. మీరు మేనేజర్ అయితే మీ వంతుగా ఇంకోటి చేయండి. పని చెబుతూనే ‘దీనికోసం ఏది ఆపాలో నాకు చెప్పు’ అని మీరే ముందు అడగండి.